అప్‌డేట్: మెగ్నీషియం సల్ఫేట్ ప్రోటోకాల్

నేను అడిగింది: "ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఎలా ఇవ్వాలో నాలుగు పేజీలు రాసి లేబర్ రూంలో పెట్టిన, ఎవరూ చూడట్లేదు, ఏం చేయాలి?"

సలహా ఇచ్చినోళ్లందరికీ థాంక్స్. పనిచేసింది నల్గొండ సిస్టరక్క మాట: గ్రాములు కాదు, ఆంపూల్స్ రాయండి. మా ఆంపూల్ 50 శాతం, 2 మి.లీ., అంటే 1 గ్రాము. అందుకే "ఒక్కో పిరుదుకు 5 ఆంపూల్స్" అని రాశాం, రాత్రి డ్యూటీలో లెక్కలు కట్టే పని పోయింది. "గమనించాలి" తీసేసి, మోకాలి జర్క్ లేకపోయినా, శ్వాస నిమిషానికి 16 కన్నా, మూత్రం గంటకు 30 మి.లీ. కన్నా తగ్గినా తర్వాతి డోసు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి అని పెట్టాం.

ఒకటే పేజీ, మందుల ట్రే మూతకే అంటించాం. రంగులు, లామినేషన్‌తో తేడా ఏం రాలేదు. రివ్యూ తేదీ ఏడాదికి, పక్కన ఇన్‌చార్జి సిస్టర్ పేరు. వేరే బలం ఆంపూల్స్ స్టాక్ వస్తే మాత్రం అదే రోజు పేజీ మార్చాలి.