రొమాంటిక్ కామెడీ స్క్రిప్ట్: చివరి అపార్థం నిలబడటం లేదు, సలహా కావాలి

110 పేజీల స్క్రిప్ట్. హీరోయిన్ వయొలిన్లు రిపేర్ చేస్తుంది. 12వ పేజీలో హీరో తన తండ్రి వయొలిన్ తెచ్చి, బాగుచేయమంటాడు. అమ్మేద్దామన్నది అసలు ఉద్దేశం, ఆ మాట దాస్తాడు. అతను వయొలిన్‌ను తలకిందులుగా పట్టుకోవడం, ఆమె నవ్వు ఆపుకోలేకపోవడం దగ్గర ఇద్దరికీ కుదురుతుంది. అక్కడిదాకా చదివినవాళ్లందరికీ నచ్చింది.

చిక్కంతా 82వ పేజీలో. అతను కొనేవాడితో ఫోన్‌లో మాట్లాడటం ఆమె సగం విని వెళ్లిపోతుంది. నిజానికి అతను అమ్మనని చెబుతున్నాడు. “ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి ఇంత గొడవా?” అంటున్నారు చదివినవాళ్లు. నిజమే.

ఫోన్ పాడైనట్టు రాశాను, కాకతాళీయంగా తోచింది. స్నేహితురాలు చాడీ చెప్పినట్టు మార్చితే తప్పంతా ఆమె మీదికి పోయింది. ఆమె ఒప్పుకుంటే చాలు, కథ సుఖాంతం. ఇక హీరో చేయడానికేం మిగల్లేదు.

ఇప్పుడు చాటుగా వినడం తీసేసి, 12వ పేజీ అబద్ధమే బయటపడేలా రాశాను. అతను మనసు మార్చుకున్న సంగతి ఆమెకు తెలియదు కాబట్టి అపార్థం ఉంది, కోపానికీ అర్థముంది. 104వ పేజీలో రాజీ కూడా కుదురుతోంది. కానీ ప్రేక్షకులకూ ఆ అబద్ధం అప్పుడే తెలియడంతో హీరో మోసగాడిలా కనిపిస్తున్నాడు, మధ్యలో కామెడీ చచ్చిపోతోంది. మొదటే చెప్పేస్తే 82వ పేజీలో షాక్ ఉండదేమోనని టెన్షన్.

అతను అమ్మడానికే వచ్చాడని ప్రేక్షకులకు 12వ పేజీలోనే చెప్పేయాలా, లేక హీరోయిన్‌తో పాటు 82లోనే తెలియనివ్వాలా?