స్లాబ్ రాడ్లు చూసేటప్పుడు అక్కడే రాయాలా, దిగి వచ్చాక రాయాలా?

తేజ: అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇంటర్న్‌గా చేస్తున్నాను. మూడో అంతస్తు స్లాబ్‌కి రాడ్లు కట్టేశారు, ఎల్లుండి కాంక్రీట్. చూసి, గమనించినవి రాసుకు రమ్మన్నారు. బాల్కనీల దగ్గర పైరాడ్లు జాగ్రత్తగా చూడమన్నారు కానీ అటువైపు రెయిలింగ్ లేదు. పైనే నిలబడి రాయాలా, దిగి వచ్చాక రాయాలా? ఫోనా, పుస్తకమా?

శ్రావణ్: పైన రాయడమే వద్దు తమ్ముడూ. రాడ్ల మీద నిలబడి తల దించుకుని రాస్తూ ఉంటే అడుగు ఎటు పడుతుందో తెలీదు. నలభై ఫొటోలు తీసుకో, కిందికొచ్చి సైట్ ఆఫీసులో కూర్చుని చూస్తూ రాసుకో. నేనైతే ఎప్పుడూ అంతే.

రాజ్యలక్ష్మి: తల దించుకుని నడవకూడదన్నది నిజమే శ్రావణ్. కానీ ఫోన్ తెరలో చూస్తూ ఫ్రేమ్ కోసం వెనక్కి జరిగేవాడికి కూడా అదే ప్రమాదం. పైగా కిందికొచ్చాక ఆ ఫొటోలన్నీ ఒకేలా కనిపిస్తాయి. టేపు పెట్టకుండా తీసిన ఫొటోలో రాడ్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లో 180యో చెప్పలేం.

తేజా, అంచు గురించి ముందు ఒక మాట. బాల్కనీ స్లాబ్ బయటికి వేలాడుతుంది కాబట్టి దాని బరువు మోసేది పైరాడ్లే. వాటి మీద లాగుడు ఎక్కువగా ఉండేది బీమ్ దగ్గర, అంటే లోపలి వైపు. కొస దగ్గర దాదాపు ఉండదు. అందుకని నువ్వు కొలవాల్సింది బీమ్ ముఖం దగ్గరే. ఆ కొలతకి అంచు దాకా వెళ్లే పని లేదు.

కొలిచే తీరు చెబుతాను. స్లాబ్ మందం 125, రాడ్ పైన ఉండాల్సిన కాంక్రీట్, అంటే పైకవర్ 20, రాడ్ 10 మిల్లీమీటర్లు అనుకో. సెంట్రింగ్ ప్లేటు మీద టేపు నిలబెడితే పైరాడ్ పైభాగం 105 దగ్గర ఉండాలి. 80 వచ్చిందంటే రాడ్ 25 కిందికి దిగిపోయింది. అడుగు నుంచి రాడ్ మధ్య దాకా 100 ఉండాల్సిన లోతు 75 అయింది, బలం సుమారు నాలుగో వంతు పోయినట్టే. చాలాసార్లు కారణం ఒకటే: పైరాడ్లని ఎత్తి పట్టే వంచిన రాడ్ ముక్కలు, అంటే చెయిర్లు, సరిపడా పెట్టరు, ఆ రాడ్ల మీదే మనుషులు నడుస్తారు. కొలవడానికి వెళ్లి నువ్వూ వాటినే తొక్కకూడదు. పలక వేయించుకుని దాని మీదే నిలబడు.

రాయడానికి నా పద్ధతి: పలక మీద రెండు కాళ్లూ ఆనించి ఆగాలి, కొలవాలి, అక్కడే ఒక్క లైను రాయాలి, పుస్తకం మూసి జేబులో పెట్టాకే కదలాలి. “సి-4, డి-4 మధ్య బాల్కనీ, బీమ్ ముఖం, పైరాడ్ 80, ఉండాల్సింది 105, ఉదయం 10.40.” అంతే చాలు. వివరంగా రాసుకోవడం కిందికొచ్చాక.

నరసింహారావు: కాలేజీ లాగ్‌బుక్ ఫార్మాట్ వేరుగా ఉంటుంది బాబూ, గైడ్ సంతకం వారం వారం తీసుకో. మా అబ్బాయి చివర్లో ఒకేసారి పెట్టిస్తే ఒప్పుకోలేదు.

తేజ: సర్, అది వేరే పుస్తకం. నేను అడుగుతున్నది సైట్ పైన రాసుకోవడం గురించి. మేడమ్, రాడ్ల మధ్య దూరం కూడా ఇలాగే ఒకచోట కొలిస్తే సరిపోతుందా?

రాజ్యలక్ష్మి: ఒక్క ఖాళీ కొలిస్తే మోసపోతావు. పది ఖాళీలు కలిపి కొలువు. 150 అయితే 1500 రావాలి. 1650 వస్తే సగటున 165 చొప్పున కట్టారని అర్థం. టేపు రెండో కొస రాడ్ బెండర్‌ని పట్టుకోమను, నువ్వు పలక మీదే ఉంటావు. ఇంకోటి, నువ్వు కొలిచిందీ మేస్త్రీ నోటితో చెప్పిందీ విడివిడిగా రాయి. “చెయిర్లు మీటరుకొకటి పెట్టాం” అని ఆయన అంటే, “మేస్త్రీ చెప్పారు” అనే రాయాలి.

శ్రావణ్: మేడమ్, పలక గురించి ఒప్పుకుంటున్నా. కానీ జేబులోంచి పుస్తకం తీయడం, పెన్ను రాడ్లలో పడిపోవడం, దాన్ని వంగి వెతకడం... అంతకంటే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేస్తే చేతులు ఖాళీగా ఉంటాయిగా?

రాజ్యలక్ష్మి: పెన్నుకి తాడు కట్టుకోవచ్చు. వాయిస్ నాకు నమ్మకం లేదు. పక్కన కటింగ్ మెషీన్ నడుస్తుంటే “అరవై”, “ఎనభై” తేడా వినిపించదు.

ఫాతిమా_సైట్: నేను వాయిస్ వాడతాను, గ్రిడ్ పేరుతో మొదలుపెట్టి అంకె రెండుసార్లు చెబుతాను. ఇబ్బంది రాలేదు. కాంక్రీట్ పోసే రోజు మాత్రం పంపు పైపు కొస దగ్గర ఏదీ వద్దు. పైపులో గాలి చిక్కితే ఆ రబ్బరు గొట్టం ఒక్కసారిగా విసురుతుంది. అప్పుడు చేతిలో ఫోన్ ఉన్నా పుస్తకం ఉన్నా ఒకటే.

తేజ: ఇవాళ సాయంత్రం కొలిచాను. ఒక బాల్కనీలో 85 వచ్చింది. అంచు వైపు కవర్ నేను చూడలేదు, “చూడలేదు” అనే రాశాను. సైట్ ఇంజనీర్ గారికి చూపిస్తే చెయిర్లు పెట్టిస్తానన్నారు, కానీ ఆ లైను పుస్తకంలో వద్దన్నారు. కొట్టేయాలా?

రాజ్యలక్ష్మి: కొట్టేయకు. చెయిర్లు పెట్టాక మళ్లీ కొలిచి, కొత్త అంకె తేదీ, టైమ్‌తో దాని కిందే రాయి.

శ్రావణ్: ఇంటర్న్‌కి అంత తేలిక కాదు మేడమ్. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఆయనే.