పెళ్ళి ఆల్బమ్ మొదటి పేజీ: శ్లోకం వేయాలా, మన మాటలు రాయాలా?

తెనాలి కుర్రాడు
పెళ్ళి 2025 ఫిబ్రవరి 7 రాత్రి, ముహూర్తం తె. 2-38. ఆల్బమ్ 12×36 సైజు. మొదటి పేజీలో అంకితంగా ఏం వేయాలో రాసివ్వమని డిజైనర్ అడుగుతున్నాడు. శుభలేఖలోని శ్లోకం, కింద పేర్లు వేస్తే చాలని నాన్న. సొంత మాటలుండాలని మా ఆవిడ. నేను రాసింది ఇది:

*ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి, వేదమంత్రాల సాక్షిగా రెండు మనసులు ఒక్కటైన ఈ శుభవేళ, మా జీవితంలోని మధుర క్షణాలను పదిలపరచిన ఈ ఆల్బమ్‌ను మమ్మల్ని కని పెంచిన తల్లిదండ్రులకు, ఆశీర్వదించిన బంధుమిత్రులకు ప్రేమతో అంకితం చేస్తున్నాము.*

ఏది బాగుంటుంది? తేదీ 7 వేయాలా, 8 వేయాలా?

శర్మగారబ్బాయి
మీ నాన్నగారి మాటే కరెక్ట్. "మాంగల్యం తంతునానేన" వేసెయ్యండి. ముహూర్తం అంటే సూత్రం కట్టే క్షణమే కదా, దానికి ఆ శ్లోకమే సరిపోతుంది. సొంత కవిత్వాలు పదేళ్ళు పోతే చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. తేదీ అంటారా, కార్డులో ఏది ఉంటే అదే. శుక్రవారం, 7.

పేజీ సెట్టింగ్
శర్మగారూ, సగం ఒప్పుకుంటా. సుముహూర్తానికి పెట్టేది జీలకర్ర బెల్లం. సూత్రధారణ ఆ తర్వాత వస్తుంది, ఒక్కోచోట గంట కూడా పడుతుంది. 2-38 అని వేసి పక్కన తాళి కడుతున్న ఫొటో పెడితే తెలిసినవాళ్ళు నవ్వుతారు.

శ్లోకంతో ఇంకో చిక్కుంది. అది వరుడు వధువుతో అనే మాట: నా జీవనానికి కారణమైన ఈ సూత్రాన్ని నీ మెడలో కడుతున్నాను, నువ్వు నూరేళ్ళు జీవించు అని. అమ్మానాన్నలకు అంకితమిచ్చే పేజీలో అది వేస్తే చెప్పేదొకరు, వినేదొకరు అవుతుంది. దాని చోటు తాళి కట్టే షీటు. అక్కడ ఎంత పెద్దగా వేసినా అందమే. ఒత్తులు మాత్రం సరిచూడండి. "కంఠే బధ్నామి" కాస్తా "బద్నామి" అయిపోయి ప్రింటయిన ఆల్బమ్‌లు బోలెడు. హైదరాబాద్ చుట్టాలు చదివితే శుభాకాంక్షలకు బదులు బద్నాం కనిపిస్తుంది.

ఇక మీ డ్రాఫ్టు. మీ పేర్లు తీసేసి ఎవరి ఆల్బమ్‌లో పెట్టినా ఇది సరిపోతుంది, అదే దీని లోపం. ఆకాశమంత పందిరి ప్రతి పెళ్ళిలోనూ ఉంది. పైగా దాదాపు ముప్పై మాటలు ఒకే వాక్యం, క్రియ చివర్లో. చదివేవాళ్ళు "అంకితం" దాకా రాకముందే పేజీ తిప్పేస్తారు. "బంధుమిత్రులకు" అనగానే అమ్మానాన్నలు కూడా ఆ గుంపులో కలిసిపోయారు. అంకితం ఇద్దరికో నలుగురికో ఇస్తేనే బరువు. మిగతావాళ్ళకు చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు.

ఒక పని చెయ్యండి. ఆ రాత్రి మీ పెళ్ళిలో తప్ప ఇంకో పెళ్ళిలో జరగనివి మూడు రాయండి. వర్ణన వద్దు, ఏం జరిగిందో అంతే.

తెనాలి కుర్రాడు
1. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు అందరూ సెల్‌ఫోన్ లైట్లు ఎత్తారు.
2. అప్పగింతల్లో మా మామగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ కారెక్కేదాకా పెట్టుకోలేదు.
3. తలంబ్రాల్లో తను గెలిచింది (అని తను అంటుంది).

పద్మ అత్తయ్య
మంచి విషయం ఎత్తారు బాబూ. మా అమ్మాయి ఆల్బమ్ కూడా ఇప్పుడే డిజైన్‌కి ఇచ్చాం. మావారు పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయారు. మొదటి పేజీలో ఆయన పేరు ముందు కీ.శే. అని వేయాలా? కన్యాదానం మా మరిది, తోడికోడలు చేశారు. వాళ్ళ పేర్లు వేసి ఈయన పేరు వేయకపోతే మా అమ్మాయి ఊరుకోదు, వేస్తే శుభమా అని మా ఆడపడుచు.

పేజీ సెట్టింగ్
అత్తయ్యగారూ, ముందు మీది చెప్తాను. శుభలేఖలో కీ.శే. వేయడం మామూలే, అక్కడ ఎవరి కూతురో తెలియాలి కాబట్టి. అంకితం మాత్రం ఆయనతో మాట్లాడటం. "నాన్నా" అని పిలుస్తూ పిలుపు ముందు కీ.శే. తగిలిస్తే ఆ వాక్యం పుట్టినప్పుడే చచ్చిపోతుంది. నా సలహా, అమ్మాయి గొంతుతో రెండే లైన్లు:

*నాన్నా, నీ చోట బాబాయి నిలబడ్డాడు.*
*కాళ్ళు కడిగిన నీళ్ళలో నీ చెయ్యి కూడా ఉందనుకున్నాను.*

బాబాయి పేరు ఎక్కడా తగ్గదు, నాన్న ఎక్కడా తప్పిపోడు. దండ వేసిన ఫొటో మాత్రం ఆ పేజీలో పెట్టకండి. ఆయన మామూలుగా నవ్వుతున్న పాత ఫొటో ఒకటి ఇవ్వండి.

తెనాలి తమ్ముడూ, నీ మూడింట్లో మొదటి రెండూ బంగారం. మూడోది తలంబ్రాల షీటు మీద ఒక్క లైనుగా వేసుకో, ఇక్కడ వద్దు. సరదా, కన్నీళ్ళు ఒకే ఆరు లైన్లలో పడితే రెండూ చప్పబడతాయి. ఇలా చూడు:

*అమ్మకు, నాన్నకు, అత్తయ్యకు, మామయ్యకు*

*జీలకర్ర బెల్లం వేళ కరెంటు పోయింది.*
*మీరంతా ఎత్తి పట్టిన వెలుగులో*
*అడ్డుతెర దిగింది, ఒకరినొకరం చూసుకున్నాం.*
*అప్పగింతల్లో కళ్ళజోడు తీసి*
*జేబులో పెట్టుకున్నదెవరో మాకు తెలుసు.*

*ఈ ఆల్బమ్ మీది.*

"ప్రేమ", "మధురం", "శుభవేళ" ఒక్కటీ వాడలేదు, గమనించు. కళ్ళజోడు చాలు, ఏడుపు అని రాయక్కర్లేదు.

"మామయ్య కళ్ళజోడు" అని తేల్చి రాయకపోవడానికి కారణముంది. ఆల్బమ్ రెండు కాపీలు వేయిస్తారు, ఒకటి అటు, ఒకటి ఇటు. మీ ఇంట్లో మామయ్య అయిన మనిషి అవతలింట్లో నాన్న. పేరు చెప్పకుండా వదిలేస్తే రెండిళ్ళలోనూ అదే పేజీ సరిపోతుంది. లేదు, వేర్వేరు మాటలే కావాలంటే ఆ ఒక్క షీటుకు రెండు ఫైళ్ళు చేయాలని డిజైనర్‌కు ముందే చెప్పు. ల్యాబ్‌కు వెళ్ళాక చెప్తే రెండు కాపీల్లోనూ ఒకటే వస్తుంది.

శర్మగారబ్బాయి
జీలకర్ర బెల్లం సంగతి ఒప్పుకున్నా. కానీ మొదటి పేజీలో "కరెంటు పోయింది" ఏమిటండీ? పెద్దవాళ్ళు అశుభం అనుకోరూ? శుభంతో మొదలుపెట్టడం మన పద్ధతి. కనీసం పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అయినా వేయండి. అత్తయ్యగారి విషయంలోనూ అంతే. మా వైపు కీ.శే. లేకుండా పోయినవాళ్ళ పేరు రాస్తే "బతికున్నట్టు రాశారేమిటి" అని అడుగుతారు.

పేజీ సెట్టింగ్
పైన "శ్రీరస్తు" పెట్టడం మంచి మాట, తీసుకుంటున్నా. దానితో పేజీ కూడా నిలబడుతుంది. కరెంటు సంగతి ఇంటి పెద్దలకు ముందే చదివి వినిపించాలి. వాళ్ళు ముఖం చిట్లిస్తే ఆ లైను తీసి "మీరంతా ఎత్తి పట్టిన వెలుగులో" నుంచి మొదలుపెట్టినా అర్థం చెడదు. కీ.శే. దగ్గర మాత్రం నేను మారను.

తేదీ గురించి. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా, కాబట్టి తె. 2-38 ఇంకా శుక్రవారమే. శర్మగారు చెప్పినట్టు కార్డు కరెక్ట్. క్యాలెండర్ మాత్రం అర్ధరాత్రే మారిపోయింది, 8వ తేదీ శనివారం. మ్యారేజీ సర్టిఫికెట్‌లో ఏ తేదీ రాయించారో తీసి చూడండి. ఆల్బమ్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటే ఏటా పెళ్ళిరోజు ఎప్పుడన్న తగువు తప్పదు. తిథి ముహూర్త సమయానికి ఉన్నదే వేయాలి. 7న పగలు దశమి, రాత్రి పదిలోపే అది వెళ్ళిపోయి ఏకాదశి వచ్చింది. అందుకని అడుగున చిన్న అక్షరాల్లో:

*శ్రీ క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ ఏకాదశి, శుక్రవారం రాత్రి*
*తెల్లవారితే 8 ఫిబ్రవరి 2025, 2-38*

అన్నట్టు, పేర్లు వేసేటప్పుడు కార్డులోంచి "చి.ల.సౌ." యథాతథంగా దించకండి. అది పెళ్ళి కావాల్సిన అమ్మాయికి. ఆల్బమ్ పెళ్ళయ్యాక వస్తుంది, "సౌ." చాలు, అసలేమీ లేకపోయినా ఫర్వాలేదు.

ఫోటోషాప్ బాబ్జీ
మాటలు ఎంత బాగున్నా డిజైన్‌లో చెడిపోతాయి, అది కూడా చెప్పుకోవాలి కదా. మన డిజైనర్లు చాలామంది ఇంకా అను ఫాంట్లే వాడతారు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్. అది అందులో పేస్ట్ అవదు, దాంతో వాళ్ళు చూసి మళ్ళీ టైప్ చేస్తారు. తప్పులు దొర్లేది అక్కడే. యూనికోడ్ ఫాంట్ వాడమనండి, సురన్న, మండలి, రామరాజ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఒత్తులు విడిపోయి "జీలకర్ర" కాస్తా "జీలకర్‌ర" అయితే ఫాంట్ మార్చి లాభం లేదు. ఫోటోషాప్‌లో `Paragraph` ప్యానెల్ మెనూలో `World-Ready Layout` ఎంచుకోవాలి. పాత వెర్షన్ అయితే `Preferences > Type` లో `Middle Eastern and South Asian` పెట్టి, ఫోటోషాప్ మూసి తెరిచి, కొత్త ఫైలులో టైప్ చేయాలి.

12×36 అంటే రెండు పేజీలు కలిపి ఒక షీటు, మధ్యలో మడత. అక్షరాలు ఆ మడత మీద పడకూడదు, అంచుకు కనీసం అంగుళం లోపల ఉండాలి, లేకపోతే కటింగ్‌లో పోతాయి. క్రీమ్ మీద బంగారు రంగు అక్షరాలు మానిటర్‌లో మెరుస్తాయి, ప్రింటులో పసుపు మరకలా కనిపిస్తాయి. ముదురు మెరూన్ వాడండి. మనుషుల ముఖాల మీద రాత వద్దు, ఖాళీ మండపం ఫొటో కాస్త మసకగా వెనకాల పెడితే చాలు.

పద్మ అత్తయ్య
అమ్మాయికి ఆ రెండు లైన్లు చదివి వినిపించాను. "అలాగే వేయించు" అంది. మా ఆడపడుచు ఇంకా కీ.శే. దగ్గరే ఉంది.

తెనాలి కుర్రాడు
నాన్న శ్లోకం తాళి షీటు మీదకు మార్చడానికి ఒప్పుకున్నారు. కరెంటు లైను గురించి అమ్మ "జరిగిందేగా, ఉంచండి" అంది, మామగారు ఇంకా చూడలేదు. సర్టిఫికెట్ తీస్తే 7 అని ఉంది! అప్లికేషన్‌లో కార్డు చూసి మేమే అలా రాశాం. ఇప్పుడు ఆల్బమ్‌లో 8 వేస్తే ఎలా?

పేజీ సెట్టింగ్
అలా అయితే అంకెల తేదీ తీసెయ్యి. "మాఘ శుద్ధ ఏకాదశి, శుక్రవారం రాత్రి తె. 2-38" అని ఆపు, సంవత్సరం పేరు పైన ఉండనే ఉంది. ప్రింటుకు పంపేముందు ఆ పేజీ ఫైనల్ జేపీజీ తెప్పించుకుని, మామగారి చేత పైకి చదివించు. ఒత్తులూ తెలుస్తాయి, కళ్ళజోడు లైను ఉంచాలో వద్దో కూడా తెలుస్తుంది.

శర్మగారబ్బాయి
ఏకాదశి అని వేస్తున్నారు కాబట్టి నక్షత్రం కూడా వేయండి, మృగశిర. కార్డులో ఉండే ఉంటుంది, సరిచూసుకోండి.