అంకణాలో 1,400 తేడా: ఒక్క రోజు లెక్క కూడా కుదరడం లేదు

కొత్త దుకాణం:
మూడు గంటలుగా ఈ కాగితం ముందే కూర్చున్నాను. చిన్న దుకాణం, మొదటి రోజు, మొత్తం ఆరు లావాదేవీలు. జంటపద్దు విధానం ప్రకారం ప్రతిదాన్నీ రెండు ఖాతాల్లో రాశాను. అయినా ఖాతాల నిల్వలన్నీ ఒకచోట రాసి సరిచూసే అంకణాలో డెబిట్ వైపు 62,600, క్రెడిట్ వైపు 64,000 వస్తోంది. కూడికలు నాలుగుసార్లు చూశాను, తప్పు లేదు. రెండు చోట్లా రాశాక తేడా ఎలా వస్తుంది?

ఆవర్జా:
ఆ ఆరూ ఏమిటో రాయండి. అవి లేకుండా ఎవరూ చెప్పలేరు.

గణకుడు:
అంకెలు తారుమారై ఉంటాయి, 540 బదులు 450 రాసినట్టు. దొరక్కపోతే 1,400ను, కారణం తెలియని తేడాలు రాసే అనామతు ఖాతాలో వేసి ముందుకు సాగండి.

పాత చిట్టా:
అసలు ఈ డెబిట్, క్రెడిట్ అనే మాటలతోనే చిక్కంతా. జమ, ఖర్చు అని రాసుకున్నవాళ్లకు ఈ బాధ ఉండేది కాదు. డబ్బు వస్తే జమ, పోతే ఖర్చు. మన మాటలను మనమే వదిలేసుకున్నాం.

కొత్త దుకాణం:
అందరికీ తెలిసేవే కదా అని రాయలేదు. ప్రారంభంలో నగదు 10,000, సరుకు 40,000, రెండూ నా మూలధనమే. ఆ రోజు 8,000 సరుకు అరువుకు కొన్నాను. నగదు అమ్మకాలు 6,500. ఒకరికి 1,800 సరుకు అరువిచ్చాను. కరెంటు బిల్లు 700 కట్టాను. సరుకు ఇచ్చినవారికి 3,000 చెల్లించాను. ఇంటి అవసరానికి 1,000 తీసుకున్నాను.

ఆవర్జా:
అంకెలు తారుమారైతే తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 1,400 అలా భాగింపబడదు. తేడాను సగం చేయండి: 700. అది మీ కరెంటు బిల్లు. ఒక పద్దు పొరపాటున అవతలి వైపు పడితే ఇటు 700 తగ్గుతుంది, అటు 700 పెరుగుతుంది. అందుకే తేడా రెట్టింపుగా కనిపిస్తుంది. ఆ బిల్లు ఎలా రాశారు?

కొత్త దుకాణం:
డబ్బు పోయింది కాబట్టి నగదు క్రెడిట్. ఖర్చు కూడా పోయిన డబ్బే కాబట్టి కరెంటు ఖర్చు కూడా క్రెడిట్.

ఆవర్జా:
దొరికింది. రెండు చోట్ల రాస్తే చాలదు, ఒకటి డెబిట్ అయితే రెండోది క్రెడిట్ కావాలి. ప్రతి లావాదేవీకీ రెండు ప్రశ్నలు వేసుకోండి: విలువ ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి చేరింది? వచ్చిన చోటు క్రెడిట్, చేరిన చోటు డెబిట్. 700 నగదు నుంచి బయలుదేరి కరెంటు వాడకానికి చేరింది. కాబట్టి నగదు క్రెడిట్, కరెంటు ఖర్చు డెబిట్.

అరువు అమ్మకంలో నగదు కదలనే లేదు. సరుకు దుకాణం నుంచి వెళ్లింది, దాని బదులు కొన్నవారి మీద మీకు 1,800 హక్కు వచ్చింది. అందుకని వారి ఖాతా డెబిట్, అమ్మకాలు క్రెడిట్. మీరు చెల్లించిన 3,000 కూడా ఖర్చు కాదు. సరుకు కొన్నప్పుడే 8,000 కొనుగోళ్లలో చేరిపోయింది, ఇప్పుడు తగ్గింది బాకీ మాత్రమే. ఇంకా 5,000 ఇవ్వాలి.

పాత చిట్టా:
నేనూ అదే చెప్పాను కదా, పోతే ఖర్చు అని.

ఆవర్జా:
క్షమించండి, అది నగదు చిట్టాకే సరిపోతుంది. అరువు అమ్మకంలో ఏ డబ్బు పోయింది? పైగా మీ జమ పద్దు డబ్బు ఇచ్చినవారి ఖాతాకు జమ. అదే క్రెడిట్. బ్యాంకు పాస్‌బుక్కులో మీ సొమ్ము క్రెడిట్‌గా కనిపించేది కూడా అందుకే: అది బ్యాంకు మీకు ఇవ్వాల్సిన బాకీ.

పాత చిట్టా:
మాట మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

ఓపిక:
నాకూ ఇదే సమస్య. సాయంత్రం గల్లాపెట్టెలో పుస్తకం చూపిన దానికంటే 200 తక్కువ వస్తోంది. అంకణా మాత్రం కుదురుతోంది. ఏ పద్దు అవతలి వైపు పడి ఉంటుంది?

కొత్త దుకాణం:
కుదిరింది! నగదు 11,800, సరుకు 40,000, కొనుగోళ్లు 8,000, రావలసింది 1,800, కరెంటు 700, ఇతర ఖర్చులు 1,000. అటు మూలధనం 50,000, అమ్మకాలు 8,300, ఇవ్వవలసింది 5,000. రెండు వైపులా 63,300.

ఆవర్జా:
కుదిరినా ఒక తప్పు మిగిలింది. ఇంటికి తీసుకున్న 1,000ను ఇతర ఖర్చుల్లో రాశారు. అది సొంతవాడకాలు, మీ మూలధనాన్ని తగ్గించాలి. ఇలాగే వదిలేస్తే దుకాణం లాభం 1,000 తక్కువగా కనిపిస్తుంది. ఖాతా తప్పినా వైపు తప్పలేదు కాబట్టి అంకణా దీన్ని పట్టుకోదు. గణకుడు గారూ, తేడా దొరికేవరకు అనామతు ఖాతా సరే. కానీ ఇక్కడ 1,400 అందులో వేసి ఊరుకుంటే కరెంటు ఖర్చు చివరిదాకా తప్పుగానే ఉండేది.

గణకుడు:
తాత్కాలికంగా అనే నా ఉద్దేశం.

కొత్త దుకాణం:
మార్చాను, థాంక్స్. మరి ఆ రోజు లాభం ఎంత? 8,300లోంచి 8,000, 700 తీసేస్తే నష్టం వస్తోంది.

ఆవర్జా:
మిగిలిన సరుకు లెక్కపెట్టారా? అది తెలియకుండా లాభం తేలదు.

ఓపిక:
నా 200 సంగతి ఎవరైనా చెప్పండి. అంకణా కుదిరింది అంటున్నాను కదా.