జీతంలోంచి పీఎఫ్ రెండుసార్లు కోస్తున్నారు, ఇది కరెక్టేనా?

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరి మూడు నెలలైంది. గ్రాస్ 18,000, అందులో బేసిక్ 12,000. బేసిక్‌పై 12 శాతం పీఎఫ్ 1,440, గ్రాస్‌పై 0.75 శాతం ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150 పోగా చేతికి 16,275 రావాలి. ప్రతి నెలా 14,835 మాత్రమే పడుతోంది. తేడా సరిగ్గా ఇంకో 1,440! స్లిప్‌లో పీఎఫ్ దగ్గర 2,880 అని ఉంది. పీఎఫ్ పాస్‌బుక్ తీసి చూశా: నా వాటా 1,440, కంపెనీ వాటా 440, పెన్షన్‌కు 1,000. అంటే కంపెనీ కట్టాల్సింది కూడా నా జీతంలోంచే పోతోంది. ఇంటి కిరాయి కట్టేటప్పుడు ఆ 1,440 కోసం టెన్షన్ అవుతోంది.

అకౌంట్స్‌లో రెండుసార్లు అడిగితే "అది సీటీసీలో భాగమే" అన్నారు. కానీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో సీటీసీ మాటే లేదు, "గ్రాస్ జీతం 18,000" అని మాత్రమే ఉంది.

లెటర్‌లో అలా రాసిచ్చాక కంపెనీ వాటాను గ్రాస్‌లోంచి కోయొచ్చా?