అప్‌డేట్: గోడౌన్ పనివాళ్ల కోసం రాసిన మెసేజ్

నేను అడిగింది: "మేడ్చల్ దగ్గర మా గోడౌన్‌కి ప్యాకింగ్ పనివాళ్లు కావాలి. వాట్సాప్‌లో 'జీతం 16,000, షిఫ్టులు ఉంటాయి' అని పెడితే ఫోన్లు వస్తున్నాయి గానీ మనుషులు రావట్లేదు. ఎలా రాయాలి?"

మీరందరూ చెప్పినట్టు చేతికొచ్చే జీతం లెక్క కట్టాను. 16,000లో బేసిక్ 13,000. దాని మీద పీఎఫ్ 12 శాతం, అంటే 1,560. ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150. చేతికి 14,170. ఫోన్ చేసేవాళ్లకు కావాల్సింది ఈ అంకే. ఇప్పుడు మెసేజ్ ఇది:

"మేడ్చల్ గోడౌన్‌లో ప్యాకింగ్ పని. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు. సోమవారం రాత్రి వస్తే మంగళవారం పొద్దున ఇంటికి. ఆదివారం రాత్రి సెలవు. జీతం 16,000, పీఎఫ్, ఈఎస్ఐ, పన్ను పోను చేతికి 14,170. ఓవర్‌టైమ్‌కి గంటకు డబుల్. ఆధార్ జిరాక్స్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్, రెండు ఫొటోలు తెండి. ఒరిజినల్స్ చూసి వెంటనే ఇచ్చేస్తాం. ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు."

'ఏ రాత్రి రావాలి?' అనే ఫోన్లు ఆగిపోయాయి. వచ్చినవాళ్లలో ఒకాయన ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంది. అలా ఉంటే తర్వాత పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడు ఇబ్బంది. అందుకే 'రెండింట్లో పేరు ఒకేలా ఉందో చూసుకోండి' అని ఇంకో లైను కలిపాను. మీరూ ఇలాంటి మెసేజ్ రాస్తే, ఒరిజినల్స్ వెంటనే ఇచ్చేస్తాం అన్న మాట మాత్రం తీసేయకండి, అవి తిరిగి ఇవ్వరేమో అన్నదే చాలామంది భయం.