చర్చ: లక్షకు నెలకు 8 వేలు, "గ్యారంటీ" అంటున్నారు. నాన్నగారిని ఎలా ఆపాలి?

మాధవి, కర్నూలు
మా అక్క భర్త, అంటే బావగారు, ఒక పథకం తెచ్చారు. లక్ష కడితే నెలకు 8 వేల చొప్పున 20 నెలలు ఇస్తారట, మొత్తం 1,60,000. షేర్ల ట్రేడింగులో వచ్చే లాభమని చెబుతున్నారు. బావగారికి ఆరు నెలలుగా తేదీ తప్పకుండా డబ్బు పడుతోంది, బ్యాంకు మెసేజీలు చూపించారు. ఇప్పుడు నాన్నగారి రిటైర్మెంటు డబ్బులో 10 లక్షలు పెట్టమంటున్నారు. ఎవరినైనా చేర్పిస్తే లక్షకు 10 వేలు కమీషన్ అట. బాండు పేపరు, చెక్కు కూడా ఇస్తారట. నాకు భయంగా ఉంది, కానీ ఆరు నెలలు డబ్బు వచ్చిందంటే ఏమని వాదించాలి?

శ్రీనివాస్, హనుమకొండ
కంపెనీ రిజిస్టర్ అయిందో లేదో చూడండి. కంపెనీల శాఖ వెబ్‌సైటులో పేరు, జీఎస్టీ నంబరు ఉంటే పారిపోవడం అంత సులభం కాదు.

రామకృష్ణారావు (బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను)
శ్రీనివాస్ గారూ, అవి చూడటం మంచిదే. కానీ కంపెనీగా నమోదు కావడం వేరు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి వేరు. ఆ అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు వారి sachet.rbi.org.in లో చూడవచ్చు, ఫిర్యాదూ అక్కడే ఇవ్వవచ్చు.

మాధవి గారూ, ఆ ఆరు నెలల సంగతి నాన్నగారి ముందు కాగితం మీద లెక్క వేసి చూపించండి. 10 లక్షలు కడితే బావగారికి కమీషన్ లక్ష పోతుంది. మిగిలేది 9 లక్షలు. నాన్నగారికి నెలకు 80 వేలు ఇవ్వాలి. ఆ 9 లక్షల్లోంచే తీసి ఇస్తే 11 నెలలు వస్తుంది, ఇంకా 20 వేలు మిగులుతాయి. ఒక్క షేరు కొనకుండా, ఏ వ్యాపారమూ చేయకుండా 11 నెలలు తేదీ తప్పకుండా చెల్లించవచ్చన్న మాట. కాబట్టి ఆరు నెలల మెసేజీలు ఏమీ రుజువు చేయవు. బావగారికి ఇప్పటిదాకా వచ్చింది లక్షకు 48 వేలు. ఆయన సొంత డబ్బే ఇంకా 52 వేలు వాళ్ల దగ్గర ఉంది. పన్నెండో నెల నుంచి కొత్తగా చేరేవాళ్ల డబ్బు కావాలి, అందుకే అంత కమీషన్.

లక్ష్మి, తెనాలి
మా ఊళ్లో 20 నెలల చీటీ నడుస్తోంది, ఇదీ మోసమేనా? ఎప్పటినుంచో కడుతున్నాం.

రామకృష్ణారావు
లక్ష్మి గారూ, చీటీలో కట్టే మొత్తం, పాటలో పోయే మొత్తం సభ్యుల కళ్ల ముందే తేలుతుంది, ఎవరూ లాభం గ్యారంటీ ఇవ్వరు. అది 1982 చట్టం కింద చీటీల రిజిస్ట్రారు దగ్గర నమోదైందా అని మాత్రం అడగండి. నమోదు లేని చీటీ నడపడం నేరం.

యాదగిరి, సిద్దిపేట
చెక్కు ఉంటే భయమెందుకు? బౌన్స్ అయితే 138 సెక్షన్ కింద కేసు వేయవచ్చు కదా.

సుజాత, న్యాయవాది, విశాఖపట్నం
వేయవచ్చు. కానీ ఆ చెక్కు మీద ఉండేది 20 నెలల తర్వాతి తేదీ. ఆ తేదీ వచ్చేదాకా బ్యాంకులో వేయలేరు. అప్పటికి ఆ ఖాతాలో ఏమి మిగులుతుంది? బౌన్స్ అయ్యాక 30 రోజుల్లో నోటీసు పంపాలి, వాళ్లకు 15 రోజుల గడువు, ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. అప్పటికే వందల మంది అలాంటి చెక్కులతోనే నిలబడి ఉంటారు.

ఇంకో మాట. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ప్రకారం ఇలాంటి డిపాజిట్లకు జనాన్ని పిలవడమే నేరం, ఏడాది నుంచి అయిదేళ్ల జైలు. ఈ సంగతి బావగారికి నెమ్మదిగా చెప్పండి, చేర్పించిన ప్రతివారూ రేపు ఆయన పేరే చెబుతారు.

వేణు, విజయవాడ
మా పిన్ని భూముల కంపెనీ ఒకదానిలో కట్టింది. ఏజెంటు మా వీధివాడే, ఆయన సొంత డబ్బూ పోయింది. అయినా ఇప్పటికీ మా ఇళ్ల మధ్య మాటలు లేవు. షేర్ల ట్రేడింగ్ అంటున్నారుగా, కొన్న షేర్లు ఉంచే డీమ్యాట్ ఖాతా నాన్నగారి పేరున ఉందా? డబ్బు ఎవరి ఖాతాకు పంపమన్నారు?

మాధవి, కర్నూలు
డీమ్యాట్ ఏమీ లేదు. ఒక వ్యక్తి ఖాతాకు పంపమన్నారు. లెక్క చూసి నాన్నగారు ఆగిపోయారు. బావగారు మాత్రం కోపంగా ఉన్నారు. ఆయన తన డబ్బు వెంటనే వెనక్కి అడగాలా?

యాదగిరి, సిద్దిపేట
వెంటనే అడగమనండి, వచ్చినంత దక్కుతుంది.

సుజాత, న్యాయవాది, విశాఖపట్నం
అడగవచ్చు. కానీ ఆయన చేర్పించిన వారి డబ్బు అలాగే ఉంచి తాను మాత్రం బయటపడితే రేపు ఆయన మాట ఎవరూ నమ్మరు. ఎంతమందిని చేర్పించారు?

మాధవి, కర్నూలు
చెప్పడం లేదు.